విదేశీ కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌షిప్: టెరిటరీ, టార్గెట్, టెర్మినేషన్

విదేశీ తయారీ కంపెనీ ఒకటి ఇక్కడి వ్యాపారికి డిస్ట్రిబ్యూటర్‌షిప్ ఇచ్చేటప్పుడు రాసుకునే ఒప్పందం ముప్పై నలభై పేజీలుంటుంది. అందులో డబ్బు నిలబెట్టేవి, పోగొట్టేవి ప్రధానంగా మూడు క్లాజులు. ఫలానా ప్రాంతంలో అమ్మే హక్కు ఒక్కరికే ఇస్తున్నామనేది మొదటిది. ఏడాదికి కనీసం ఇంత సరుకు కొనాలనేది రెండోది. ఎవరు, ఎప్పుడు, ఎన్ని రోజుల నోటీసుతో తప్పుకోవచ్చో చెప్పేది మూడోది. ఇవి వేర్వేరు పేజీల్లో ఉంటాయి కాబట్టి చాలామంది విడివిడిగానే చదువుతారు. నిజానికి ఇవి ఒకే బేరంలోని మూడు భాగాలు. హక్కుకు చెల్లించే ధర కనీస కొనుగోలు. ఆ ధర చెల్లించలేకపోతే ఏమవుతుందో చెప్పేది రద్దు క్లాజు. పెట్టిన పెట్టుబడి తిరిగి రావడానికి ఎంత కాలం దొరుకుతుందో కూడా అదే తేలుస్తుంది.

డిస్ట్రిబ్యూటర్ అంటే ఏజెంటు కాదన్న సంగతి ముందు తెలియాలి. ఏజెంటు కంపెనీ తరఫున అమ్మి కమీషన్ తీసుకుంటాడు. డిస్ట్రిబ్యూటర్ సొంత డబ్బుతో సరుకు కొని, సొంత పేరుతో అమ్మి, తేడాను లాభంగా మిగుల్చుకుంటాడు. అమ్ముడుపోని సరుకు, వసూలు కాని బాకీ, డాలరు రేటు అన్నీ అతని నెత్తిమీదే ఉంటాయి. భారత కాంట్రాక్టు చట్టం ఏజెన్సీ రద్దు విషయంలో ఏజెంటుకు కొంత రక్షణ ఇస్తుంది. డిస్ట్రిబ్యూటర్లకు అలాంటి ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. బెల్జియంలో 1961 నుంచే డిస్ట్రిబ్యూటర్‌ను హఠాత్తుగా తొలగిస్తే పరిహారం ఇవ్వాలనే చట్టం ఉంది. ఇక్కడ కాగితం మీద ఏం రాసుకున్నారన్నదే దాదాపు మొత్తం రక్షణ.

విషయం అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకోవచ్చు. హైదరాబాద్‌లో డయాగ్నస్టిక్ పరికరాలు అమ్మే ఒక మధ్యతరహా సంస్థ కొరియా కంపెనీతో ఒప్పందం చేసుకుంటుంది. సరుకు సీబీసీ రక్తపరీక్ష చేసే యంత్రం. ల్యాబుల్లో దీన్ని సెల్ కౌంటర్ అంటారు. దాంతోపాటు ఆ యంత్రంలో పోసే ద్రావణాలు, అంటే రీజెంట్లు కూడా ఉంటాయి. టెరిటరీ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక. కాలం మూడేళ్లు. కనీస కొనుగోలు ఏడాదికి 3 లక్షల డాలర్లు. 60 రోజుల నోటీసుతో ఎవరైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. కొరియా కంపెనీ పంపిన డ్రాఫ్టులో ఇవన్నీ మామూలు మాటల్లోనే కనిపిస్తాయి.

మొదట హక్కు సంగతి. ఒప్పందాలు రాసేవారు ‘ఎక్స్‌క్లూజివ్’, ‘సోల్’ అనే రెండు మాటలకు సాధారణంగా వేర్వేరు అర్థాలు తీసుకుంటారు. ఎక్స్‌క్లూజివ్ అయితే ఆ ప్రాంతంలో వేరే డిస్ట్రిబ్యూటర్‌ను పెట్టరు, కంపెనీ కూడా నేరుగా అమ్మదు. సోల్ అయితే వేరే డిస్ట్రిబ్యూటర్‌ను పెట్టరు గాని కంపెనీ తాను అమ్ముకోవచ్చు. బిజినెస్ కార్డు మీద రెండూ ఒకేలా గొప్పగా కనిపిస్తాయి. కానీ పెద్ద ఆసుపత్రి ఆర్డరు వచ్చిన రోజున ఆ తేడా విలువ కోటి రూపాయలు కావచ్చు. మాటను నమ్ముకోవడం కంటే ‘కంపెనీ గాని, దాని అనుబంధ సంస్థలు గాని, వేరే ఎవరి ద్వారా గాని ఈ ప్రాంతంలో అమ్మరు’ అని విప్పి రాయించుకోవడం మేలు.

హక్కు ఇచ్చిన వాక్యం కింద మినహాయింపులు ఉంటాయి. అసలు వ్యాపారం జారిపోయేది అక్కడే. సెల్ కౌంటర్ల విషయంలో మూడు దారులు చూడాలి. మొదటిది ప్రభుత్వ టెండర్లు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఆసుపత్రుల కొనుగోళ్లు వైద్య సేవలు, మౌలిక సదుపాయాల కార్పొరేషన్ల ద్వారా జరుగుతాయి. ఇలాంటి టెండర్లలో బిడ్‌తోపాటు తయారీదారు ఇచ్చే అధికార పత్రం అడగడం మామూలు. ఆ పత్రాన్ని కంపెనీ ఢిల్లీలోని మరో సంస్థకు ఇస్తే, ఒప్పందంలో హక్కు ఉన్నా హైదరాబాద్ సంస్థ బయటే నిలబడాలి. అందుకే ‘టెరిటరీలోని టెండర్లకు అధికార పత్రం ఈ డిస్ట్రిబ్యూటర్‌కే ఇవ్వాలి’ అనే వాక్యం విడిగా ఉండాలి.

రెండో దారి కార్పొరేట్ ఆసుపత్రులు, ల్యాబ్ గొలుసులు. వీటి కొనుగోలు కార్యాలయం చెన్నైలోనో ముంబైలోనో ఉంటుంది, యంత్రం మాత్రం విజయవాడలో దిగుతుంది. అమ్మకం ఏ టెరిటరీలో జరిగినట్టు? బిల్లు ఎవరి పేరున ఉందో చూస్తారా, యంత్రం ఎక్కడ బిగించారో చూస్తారా? ఒప్పందం ఏదో ఒకటి చెప్పాలి. బిల్లు వేరే వాళ్లదైనా బిగించి సర్వీసు చేసేది స్థానిక డిస్ట్రిబ్యూటరే అయితే, ఆ అమ్మకంలో అతనికి కొంత శాతం ఇచ్చే ఏర్పాటు న్యాయంగా ఉంటుంది. మూడో దారి కొత్త మోడళ్లు. అనుబంధంలో మోడల్ నంబర్లు మాత్రమే ఉండి, ‘వీటి స్థానంలో వచ్చే మోడళ్లు కూడా’ అన్న మాట లేకపోతే, రెండేళ్ల తర్వాత వచ్చే కొత్త యంత్రాన్ని కంపెనీ వేరొకరికి ఇవ్వడానికి అడ్డేమీ ఉండదు.

టెరిటరీని పేర్లతో రాసేటప్పుడూ కొంచెం ముందుచూపు కావాలి. 2014 జూన్ 2కు ముందు కుదిరిన ఒప్పందాల్లో ‘ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం’ అని మాత్రమే ఉంటే, ఆ తర్వాత హైదరాబాద్ అందులో ఉందా లేదా అన్న ప్రశ్నకు చోటు మిగిలింది. ‘ఒప్పందం తేదీనాటి సరిహద్దుల ప్రకారం’ అనే నాలుగు మాటలతో ఆ ప్రశ్న తీరిపోతుంది.

ఇంకో పరిమితి ఉంది. ఎక్స్‌క్లూజివ్ హక్కు తయారీ కంపెనీ ఇచ్చిన మాట మాత్రమే. అది మూడో మనిషిని కట్టడి చేయదు. దుబాయ్‌లో అదే బ్రాండు అసలు సరుకును కొని ఇక్కడ దించేవారిని డిస్ట్రిబ్యూటర్ తన ఒప్పందం చూపించి ఆపలేడు. శాంసంగ్ ప్రింటర్ల కేసులో 2012లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం, చట్టబద్ధంగా కొన్న అసలు సరుకును దిగుమతి చేసి అమ్మడం ట్రేడ్‌మార్కు చట్టం కింద తప్పు కాదని చెప్పింది. వైద్య పరికరాలకు దిగుమతి లైసెన్సు కావాలి కాబట్టి ఈ బెడద తక్కువ. లైసెన్సు అక్కర్లేని సరుకుల్లో ఎక్కువ. అలాంటి చోట్ల ఇతర దేశాల డిస్ట్రిబ్యూటర్లు ఈ టెరిటరీకి అమ్మకుండా చూసే బాధ్యత కంపెనీ మీద పెట్టాలి. వారంటీ సేవ ఎవరి సరుకుకు ఇవ్వాలో కూడా రాసుకోవాలి.

హక్కుకు బదులుగా కంపెనీ అడిగేది, పోటీ కంపెనీల సరుకు అమ్మవద్దని. ఒప్పందం నడుస్తున్నంత కాలం ఇలాంటి షరతు సాధారణంగా చెల్లుతుందని సుప్రీంకోర్టు 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకా కోలా వివాదంలో చెప్పింది. ఒప్పందం ముగిశాక కూడా రెండేళ్లు పోటీ సరుకు ముట్టుకోవద్దని రాస్తే, భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం అది చెల్లదు. కానీ ఒప్పందం సింగపూర్ చట్టానికో ఇంగ్లండ్ చట్టానికో లోబడి ఉంటే, సమంజసమైన ఆంక్షలు అక్కడ నిలబడే అవకాశం ఉంది. వర్తించే చట్టం ఏదని ఆఖరి పేజీలో ఒక్క వాక్యం ఉంటుంది. దాని బరువు ఇంత.

ఇక కనీస కొనుగోలు. 3 లక్షల డాలర్లు సాధ్యమా కాదా అనే ఒక్క ప్రశ్న దగ్గరే బేరం ఆగిపోతుంది. అంకె కంటే దాని చుట్టూ ఉన్న మాటలే ఎక్కువ నష్టం చేస్తాయి. మొదటి మాట ఏడాది ఎప్పుడు మొదలవుతుందన్నది. ఉదాహరణలోని ఒప్పందం మీద జనవరి 1న సంతకాలయ్యాయి అనుకుంటే, డ్రాఫ్టు ప్రకారం అదే రోజు మొదటి ఏడాది మొదలు. కానీ సెల్ కౌంటర్‌ను దిగుమతి చేయాలంటే వైద్య పరికరాల నిబంధనలు, 2017 ప్రకారం ఎండీ-14 ఫారంలో దరఖాస్తు చేసి, ఎండీ-15 లైసెన్సు పొందాలి. లైసెన్సు ఇవ్వడానికి నిబంధనలే తొమ్మిది నెలల గడువు పెట్టుకున్నాయి. అంత సమయమూ పట్టి అక్టోబరులో లైసెన్సు వస్తే, అమ్మడానికి మిగిలేది మూడు నెలలు. ఆ మూడు నెలల్లో సంస్థ 70 వేల డాలర్ల సరుకు తెచ్చిందంటే బాగానే చేసిందనాలి. ఒప్పందం లెక్కలో మాత్రం 2 లక్షల 30 వేల డాలర్ల లోటు. తప్పు ఎవరిదీ కాదు. ఏడాది సంతకం తేదీ నుంచి కాకుండా లైసెన్సు వచ్చిన తేదీ నుంచి మొదలవుతుందని రాసి ఉంటే ఈ లోటు పుట్టేదే కాదు.

రెండోది, కొనుగోలు ఎప్పుడు జరిగినట్టన్నది. ఆర్డరు పెట్టిన రోజా, కంపెనీ ఓడకెక్కించిన రోజా, డబ్బు అందిన రోజా? డిసెంబరులో పెట్టిన ఆర్డరు కంపెనీ జాప్యం వల్ల జనవరిలో బయల్దేరితే, ఓడ తేదీ లెక్కన అది మరుసటి ఏడాది ఖాతాలో పడుతుంది. ఆర్డరు పెట్టిన తేదీనే లెక్కించాలని, కంపెనీ తిరస్కరించిన లేదా సకాలంలో పంపని ఆర్డర్లనూ కొన్నట్టే చూడాలని రాయించుకోవాలి. కంపెనీ ధరలు పెంచినా, మోడల్ ఆపేసినా, టార్గెట్ ఆ మేరకు తగ్గాలి.

మూడోది అంకె ఏ కొలతలో ఉందన్నది. డాలరు 80 రూపాయలున్నప్పుడు 3 లక్షల డాలర్లంటే 2 కోట్ల 40 లక్షలు. 88 అయితే 2 కోట్ల 64 లక్షలు. కొనే యంత్రాల సంఖ్య మారలేదు, భారం మాత్రం 24 లక్షలు పెరిగింది. పైగా ల్యాబులకు అమ్మే ధర రూపాయల్లో ముందే ఖాయమై ఉంటుంది. టార్గెట్‌ను డాలర్లలో కాకుండా యంత్రాల సంఖ్యలో పెట్టుకుంటే ఈ భారం పోదు గాని, కంపెనీ ధర పెంచి టార్గెట్ చేరడం తేలికైనట్టు చూపించే చిక్కూ, ధర తగ్గించి చేరడం కష్టం చేసే చిక్కూ రెండూ తప్పుతాయి.

టార్గెట్ తప్పితే ఏమవుతుందనేదే అసలు ప్రశ్న. డ్రాఫ్టుల్లో మూడు రకాల శిక్షలు కనిపిస్తాయి. తక్కువది, ఎక్స్‌క్లూజివ్ హక్కు పోయి మామూలు డిస్ట్రిబ్యూటర్‌గా మిగలడం. రెండోది ఒప్పందం రద్దు. మూడోది, కొనని సరుకుకు కూడా లోటు మొత్తం చెల్లించడం. మూడోదాన్ని ఒప్పుకోకపోవడమే మంచిది. భారత చట్టం వర్తిస్తే 74వ సెక్షన్ కింద రాసుకున్న మొత్తానికి మించకుండా, సమంజసమైన పరిహారమే దక్కుతుంది. నష్టాన్ని రుజువు చేయగలిగిన చోట రుజువు చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 2015లో కైలాస్ నాథ్ కేసులో చెప్పింది. విదేశీ చట్టం కింద ఆ ఊరట ఉంటుందన్న హామీ లేదు. మొదటి శిక్షను ఒప్పుకోవచ్చు, కానీ ఒక మాట కలపాలి: హక్కు పోయిన రోజే కనీస కొనుగోలు బాధ్యత, పోటీ సరుకు అమ్మకూడదన్న ఆంక్ష కూడా పోవాలి. లేకపోతే ధర చెల్లిస్తూనే ఉండాలి, వస్తువు మాత్రం చేతిలో ఉండదు.

టార్గెట్ కోసం ఏడాది చివర్లో సరుకు నింపేయడం డిస్ట్రిబ్యూటర్లకు అలవాటు. రీజెంట్లలో ఇది ప్రమాదం. మొత్తం ఆయుష్షు ఏడాదికి మించిన వైద్య సరుకు దేశంలోకి దిగేనాటికి అందులో 60 శాతానికి మించి మిగిలి ఉండాలని నిబంధన. 18 నెలల ఆయుష్షున్న రీజెంటు అంటే సుమారు 11 నెలలు మిగిలి ఉండాలి. అంతకంటే ఎక్కువ ఉంటుందన్న భరోసా లేదు. పద్నాలుగు నెలల అమ్మకానికి సరిపడా ఒకేసారి తెస్తే చివరి మూడు నెలల సరుకు గోడౌన్‌లోనే గడువు దాటుతుంది. దీనికంటే, లోటులో కొంత భాగాన్ని తర్వాతి ఏడాదికి మోసుకెళ్లే వెసులుబాటు, ఒక ఏడాది ఎక్కువ కొన్నది మరుసటి ఏడాదికి జమయ్యే ఏర్పాటు అడగడం తెలివైన పని. కంపెనీలు దీనికి తరచూ ఒప్పుకుంటాయి, ఎందుకంటే వాటి మొత్తం అమ్మకం తగ్గదు.

మూడోది రద్దు. గడువు తీరడం, తప్పు వల్ల రద్దవడం, కారణం లేకుండా నోటీసుతో రద్దవడం అని మూడు తలుపులుంటాయి. తప్పు వల్ల రద్దయ్యే చోట, సరిదిద్దుకోవడానికి 30 లేదా 60 రోజులు ఇచ్చారా అని చూడాలి. యాజమాన్యం మారితే వెంటనే రద్దు చేయవచ్చన్న వాక్యమూ తరచూ ఉంటుంది. ఇది రాసేవారి మనసులో పోటీ కంపెనీ వచ్చి సంస్థను కొనేయడం ఉంటుంది. కానీ మన దగ్గర కుటుంబ భాగస్వామ్య సంస్థలు ప్రైవేటు లిమిటెడ్‌గా మారడం, తండ్రి వాటా కొడుకు పేరున రాయడం మామూలు. అవి కూడా ఈ వాక్యం కిందికే రావచ్చు కాబట్టి, కుటుంబంలో జరిగే మార్పులను మినహాయించాలి. గడువు తీరాక కొత్త కాగితం లేకుండా ఆర్డర్లు నడవడం కూడా చిక్కే. సరుకు వస్తూనే ఉంటుంది, హక్కు మాత్రం ఉందో లేదో ఎవరూ గట్టిగా చెప్పలేరు.

నిజంగా దెబ్బకొట్టేది కారణం లేని రద్దు. సెల్ కౌంటర్ల వ్యాపారంలో చిన్న ల్యాబులు యంత్రాన్ని డబ్బు పెట్టి కొనవు. డిస్ట్రిబ్యూటర్ ఉచితంగా బిగిస్తాడు, ల్యాబు మూడు నాలుగేళ్లు రీజెంట్లు అతని దగ్గరే కొంటానని ఒప్పుకుంటుంది. దీన్ని రీజెంట్ రెంటల్ అంటారు. ఉదాహరణలోని సంస్థ ఇలా 40 యంత్రాలు పెట్టిందనుకుంటే, ఒక్కోటి దిగుమతి ఖర్చులతో కలిపి 6 లక్షలు, మొత్తం 2 కోట్ల 40 లక్షలు. రీజెంట్ల మీద ఒక్కో యంత్రానికి నెలకు 15 వేలు మిగిలితే, పెట్టుబడి తిరిగి రావడానికి 40 నెలలు కావాలి. సగటున 18 నెలలు గడిచాక కంపెనీ 60 రోజుల నోటీసు ఇస్తుంది. అప్పటికి ఒక్కో యంత్రం మీద వచ్చింది 2 లక్షల 70 వేలు, రావలసింది 3 లక్షల 30 వేలు. నలభై యంత్రాలకు కలిపి 1 కోటి 32 లక్షలు ఇరుక్కుపోతాయి. రీజెంటు ఆ కంపెనీదే కావాలి కాబట్టి యంత్రాలు ల్యాబుల్లో ఉన్నా పనికిరావు. ల్యాబులకు ఇచ్చిన మాట కూడా తప్పాల్సి వస్తుంది.

కోర్టుకు వెళితే దక్కేదేమిటన్నదానికి ఇండియన్ ఆయిల్, అమృత్‌సర్ గ్యాస్ సర్వీస్ కేసు దారి చూపుతుంది. అందులో గ్యాస్ డిస్ట్రిబ్యూటర్‌షిప్‌ను ఏ పక్షమైనా 30 రోజుల నోటీసుతో ముగించవచ్చని ఒప్పందంలో ఉంది. కంపెనీ చేసిన రద్దు సరికాదని ఆర్బిట్రేటర్ తేల్చినా, డిస్ట్రిబ్యూటర్‌షిప్‌ను తిరిగి ఇప్పించడం కుదరదని, ఆ 30 రోజుల నోటీసు కాలపు ఆదాయమే పరిహారమని సుప్రీంకోర్టు 1990లో తేల్చింది. ఆ కొలతను ఇక్కడ పెడితే, నోటీసు ఇవ్వకుండా రద్దు చేసినా దక్కేది రెండు నెలల మిగులు, అంటే 40 యంత్రాల మీద 12 లక్షలు. సరిగ్గా నోటీసు ఇచ్చి రద్దు చేస్తే అదీ లేదు. సింగపూర్ ఆర్బిట్రేషన్‌కు ఒప్పుకుని ఉంటే, ఆ 12 లక్షల కోసం చేసే ఖర్చే అంతకు మించిపోవచ్చు.

కాబట్టి నోటీసు కాలాన్ని పెట్టుబడి తిరిగొచ్చే కాలంతో పోల్చి అడగాలి. మొదటి రెండేళ్లు కారణం లేని రద్దు ఉండకూడదని, తర్వాత తొమ్మిది నెలల నోటీసు కావాలని అడగవచ్చు. కంపెనీకి ఆ తొమ్మిది నెలలు అర్థమవుతాయి. కొత్త డిస్ట్రిబ్యూటర్ తన పేరున దిగుమతి లైసెన్సు తెచ్చుకోవడానికి ఇంచుమించు అంత కాలమే పట్టవచ్చు కదా. ఎలాగైనా కంపెనీ అమ్మకం అప్పటిదాకా పాత సంస్థ మీదే ఆధారపడుతుంది. నోటీసు కాలంలోనూ ఎక్స్‌క్లూజివ్ హక్కు కొనసాగుతుందా, టార్గెట్ ఆ నెలలకు తగ్గుతుందా అన్నదీ రాసుకోవాలి. నోటీసు ఇచ్చిన మరునాడే కొత్తవారు రంగంలోకి దిగితే ఆ నోటీసుకు అర్థం లేదు.

నోటీసు ఎంత పొడుగున్నా 40 నెలలు ఉండదు. అందుకే రద్దయ్యాక ఏం జరగాలన్న క్లాజు ఈ వ్యాపారంలో అన్నిటికంటే విలువైనది. అందులో మొదటిది, అప్పటికే బిగించిన యంత్రాలకు కనీసం 24 నెలలు పాత ధరకే రీజెంట్లు, విడిభాగాలు సరఫరా చేయాలన్న షరతు. పై లెక్కలో 24 నెలలంటే ఒక్కో యంత్రానికి 3 లక్షల 60 వేలు. ఇరుక్కున్న 3 లక్షల 30 వేలు అందులోనే వసూలవుతుంది. కొత్త డిస్ట్రిబ్యూటర్‌కు ఆ ల్యాబులు వెంటనే కావాలంటే, మిగిలిన విలువ లెక్కగట్టి యంత్రాలను అతనే కొనుక్కునే ప్రత్యామ్నాయాన్ని కూడా పక్కనే రాయవచ్చు. రెండోది, గోడౌన్‌లో గడువు మిగిలి ఉన్న సరుకును దిగుమతి ఖర్చులతో సహా కంపెనీ తిరిగి కొనాలన్నది. డ్రాఫ్టుల్లో ‘కంపెనీ కోరుకుంటే కొనవచ్చు’ అని ఉంటుంది. ‘డిస్ట్రిబ్యూటర్ కోరితే కొనాలి’ అని మార్చాలి.

చివరగా దిగుమతి లైసెన్సు. అది కంపెనీ పవర్ ఆఫ్ అటార్నీ ఆధారంగా డిస్ట్రిబ్యూటర్ పేరున ఉంటుంది. రద్దు కాగానే లైసెన్సు వదులుకుని, కొత్తవారికి అభ్యంతరం లేదని రాసిచ్చేయాలని కంపెనీ అడుగుతుంది. అడగడంలో తప్పులేదు. అయితే సరుకు తిరిగి కొన్న డబ్బు, రావలసిన క్రెడిట్ నోట్లు, వారంటీ కింద పెట్టిన విడిభాగాల ఖర్చు ఖాతాలో పడిన తర్వాతే ఆ పత్రం ఇస్తామని ఒప్పందంలో వరుస పెట్టుకోవాలి. ఒప్పందంలో లేకుండా తర్వాత పట్టుబట్టి పత్రం ఆపితే, మాట తప్పినవారి స్థానంలో డిస్ట్రిబ్యూటరే నిలబడాల్సి వస్తుంది.